రెండు వందల పదాల్లో టాక్ ప్రతిపాదన: అపోహలు - వాస్తవాలు

సాఫ్ట్‌వేర్ సదస్సుకు టాక్ పంపేటప్పుడు చాలామంది అబ్‌స్ట్రాక్ట్‌ను, అంటే ప్రతిపాదనలోని సారాంశాన్ని, కరపత్రంలా రాస్తారు. ఎంపిక కమిటీలో కూర్చున్నవాళ్లు దాన్ని అలా చదవరు. ఈ మనిషి దగ్గర చెప్పడానికి నిజంగా విషయం ఉందా, ఇచ్చిన సమయంలో అది పూర్తవుతుందా, విన్నవాళ్లు ఏం నేర్చుకుని వెళ్తారు అనే మూడింటికి జవాబులు వెతుకుతారు. అవి దొరక్కపోతే తక్కువ మార్కులు వేసి తర్వాతి ప్రతిపాదనకు వెళ్లిపోతారు.

ఒక ఉదాహరణ పట్టుకుని చూద్దాం. పైథాన్ సదస్సు, 30 నిమిషాల టాక్. విషయం: డేటాబేస్‌లో ఉన్న తెలుగు పేరు వెతికితే దొరక్కపోవడం. ఇలాంటివి సాధారణంగా ఇంగ్లీషులోనే పంపుతారు. ఇక్కడ వీలుకోసం నమూనాలు తెలుగులో ఇస్తున్నాం.

అపోహ: ముందు విషయం ప్రాముఖ్యం చెప్పాలి.

కమిటీకి ఎక్కువగా వచ్చే రకం ఇది:

> నేటి డిజిటల్ యుగంలో ప్రాంతీయ భాషల వాడకం రోజురోజుకూ పెరుగుతోంది. కోట్లమంది మాతృభాషలో ఇంటర్నెట్ వాడుతున్నారు. అయితే డెవలపర్లు అనేక సవాళ్లు ఎదుర్కొంటున్నారు. ఈ టాక్‌లో యూనికోడ్, సెర్చ్, డేటాబేస్‌లు, ఫాంట్లు, కీబోర్డుల గురించి తెలుసుకుందాం. చివర్లో ఒక ఆశ్చర్యకరమైన పరిష్కారం కూడా చూద్దాం!

మొదటి మూడు వాక్యాలు ఏ భారతీయ భాష మీద టాక్‌కైనా అతుకుతాయి. అంటే వాటివల్ల ఈ టాక్ గురించి తెలిసింది సున్నా. పరీక్ష సులువే: మీ మొదటి వాక్యాన్ని వేరే టాక్ నెత్తిన పెట్టి చూడండి. సరిపోయిందా, కొట్టేయండి. ప్రాంతీయ భాషలు ముఖ్యమా కాదా అని కమిటీకి సందేహం లేదు, మీ దగ్గర ఏముందన్నదే సందేహం. కాబట్టి సమస్య కంటికి కనిపించే చోటనుంచి మొదలుపెట్టాలి: తెరమీద ఏం జరుగుతోంది, ఎవరికి ఇబ్బంది.

అపోహ: జవాబు ముందే చెబితే టాక్‌కి ఎవరూ రారు.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. ‘ఆశ్చర్యకరమైన పరిష్కారం’ అన్న మాట చదివిన రివ్యూయర్‌కు రెండు అనుమానాలు వస్తాయి: పరిష్కారం ఇంకా దొరకలేదేమో, లేదా దొరికింది మరీ మామూలుదేమో. ఈ రెండింటినీ తీర్చేది జవాబు ఒక్కటే. హాల్లోకి వచ్చేవాళ్ల సంగతి కూడా అంతే. తమను వేధిస్తున్న సమస్యకు మందు ఉందని తెలిస్తేనే వస్తారు.

మన ఉదాహరణలో జవాబు ఏమిటి? ‘రమేష్’ అన్న పేరులో యూనికోడ్ లెక్కన ఐదు కోడ్‌పాయింట్లు ఉంటాయి: ర, మ, ఏత్వం, ష, పొల్లు. కొన్ని కీబోర్డులు పొల్లు తర్వాత `U+200C` అనే కనిపించని అక్షరాన్ని చేరుస్తాయి. అప్పుడు ఆరవుతాయి. చూడ్డానికి రెండూ ఒకటే, పోల్చితే వేరు.

```python
import unicodedata
a = "రమేష్"
b = a + "\u200c"
a == b                                # False
unicodedata.normalize("NFC", b) == a  # False
```

రెండో పోలిక అసలు కీలకం. నార్మలైజ్ చేస్తే, అంటే ఒకే అక్షరానికున్న వేర్వేరు నిల్వ రూపాలను ఒకటి చేస్తే, సరిపోతుందని చాలామంది డెవలపర్లు అనుకుంటారు. ఐత్వాన్ని రెండు ముక్కలుగా నిల్వ చేసిన చోట `NFC` పనిచేస్తుంది, ఈ కనిపించని అక్షరాన్ని మాత్రం ముట్టుకోదు. తెలిసినవాళ్లు కూడా పొరబడే ఇలాంటి చోటు మీ అంశంలో ఒకటి ఉంటే దాన్ని అబ్‌స్ట్రాక్ట్‌లోనే రాసేయండి. కోడ్ అక్కర్లేదు, ఒక్క వాక్యం చాలు. ఈ పని నిజంగా చేసినవాళ్లే ఆ వాక్యం రాయగలరని రివ్యూయర్‌కు అర్థమవుతుంది.

అపోహ: ఎన్ని అంశాలుంటే అంత బరువు.

అరగంటలో ప్రశ్నలకు ఐదు నిమిషాలు పోతే మిగిలేది ఇరవై ఐదు. పై నమూనాలో ఐదు అంశాలున్నాయి, అంటే ఒక్కోదానికి ఐదేసి నిమిషాలు. ఫాంట్ల గురించి ఐదు నిమిషాల్లో పనికొచ్చేది ఏం చెబుతారు? కమిటీ వేసే లెక్క సరిగ్గా ఇదే. ఫాంట్లు, కీబోర్డులు తీసేసి ఒకే ప్రశ్న మీద నిలబడితే ప్రతిపాదన బలపడుతుంది.

పదాలను కూడా ముందే పంచుకోవచ్చు. సమస్యకు 50, కారణానికీ పరిష్కారానికీ కలిపి 80, విన్నవాళ్లు తీసుకెళ్లేదానికి 40, ఎవరికోసం అన్నదానికి 30. ఇది శాసనం కాదు. కానీ సమస్య వర్ణనే 100 దాటితే పరిష్కారం పలచబడిందని అర్థం. తిరగరాస్తే ఇలా ఉంటుంది:

> రిజిస్ట్రేషన్ తెరపై ‘రమేష్’ అని వెతికితే రికార్డు లేదంటుంది. జాబితా తెరిస్తే అదే పేరు ఎదురుగా ఉంటుంది. సిబ్బంది కొత్త రికార్డు సృష్టిస్తారు, ఒకే మనిషి రెండుసార్లు నమోదవుతాడు. నిల్వ ఉన్న పేరు చివర కనిపించని `U+200C` అక్షరం ఉండటమే కారణం. `NFC` నార్మలైజేషన్ దాన్ని తీసేయదు. అలాగని మూలంలోంచే తొలగిస్తే ‘రాజ్‌కుమార్’ లాంటి పేర్లలో అక్షరాలు కలిసిపోయి రూపం మారుతుంది.
>
> ఈ టాక్‌లో చూపించే పద్ధతి: పేరును ఉన్నది ఉన్నట్టు ఉంచి, వెతకడానికి మాత్రం వేరే కాలమ్‌లో శుభ్రం చేసిన రూపాన్ని దాచడం. ఆ ఫంక్షన్‌ను పైథాన్‌లో వేదికమీదే రాస్తాం. పాత డేటాలో జంట రికార్డులు ఎలా పట్టుకోవాలో, వాటిని మనిషి చూడకుండా కలిపేస్తే ఏం ప్రమాదమో చెబుతాం.
>
> భారతీయ భాషల పేర్లు, చిరునామాలు నిల్వచేసే బ్యాకెండ్ డెవలపర్ల కోసం. పైథాన్ స్ట్రింగ్‌లు తెలిస్తే చాలు, యూనికోడ్ పరిచయం అక్కర్లేదు.

ఇంగ్లీషులో రాస్తే పదాలు పెరుగుతాయి, అయినా రెండు వందల్లో ఇమిడిపోతుంది. ‘మూలంలోంచే తొలగిస్తే’ అన్న వాక్యం గమనించండి. సులువైన దారి ఎందుకు పనికిరాదో చెప్పడం వల్ల మిగతాదంతా నమ్మదగ్గదిగా కనిపిస్తుంది.

అపోహ: ‘అందరికీ ఉపయోగపడుతుంది’ అంటే ఎక్కువమంది వస్తారు.

కమిటీ టైమ్‌టేబుల్ వేయాలి, ఒకే గంటలో మూడు హాళ్లు నింపాలి. అందరికీ అన్న టాక్‌ను ఏ హాల్లో పెట్టాలో తెలియదు. ఎవరు రావాలో, వాళ్లకు ముందే ఏం తెలిసుండాలో రాయండి. ఎవరికి అక్కర్లేదో కూడా రాస్తే ఇంకా మంచిది.

అపోహ: కంపెనీ పేరు, అనుభవం అబ్‌స్ట్రాక్ట్‌లో మెరవాలి.

కొన్ని సదస్సులు మొదటి విడతలో పేర్లు దాచి మార్కులు వేస్తాయి. అక్కడ అబ్‌స్ట్రాక్ట్‌లో మీ గుర్తింపు కనిపిస్తే నియమం మీరినట్టే. అలా దాచని చోట కూడా ‘మా ప్రొడక్ట్’ అని రెండుసార్లు వస్తే అమ్మకపు టాక్ అనుకుంటారు. బయోకు వేరే గడి ఉంటుంది. చాలా ఫారాల్లో కమిటీ మాత్రమే చదివే నోట్స్ గడి కూడా ఉంటుంది, దాన్ని ఖాళీగా వదిలేసేవాళ్లే ఎక్కువ. నిమిషాల పంపకం రాయాల్సింది అక్కడే. మన టాక్‌కైతే: సమస్య 4, కోడ్‌పాయింట్లు 7, వెతుకుడు కాలమ్ 9, జంట రికార్డులు 5, ప్రశ్నలు 5. పేర్లు దాచే సదస్సు అయితే నోట్స్ రివ్యూయర్లకూ కనిపిస్తాయో లేదో నియమాల్లో చూసుకుని రాయాలి.

అపోహ: తిరస్కరించారంటే అబ్‌స్ట్రాక్ట్ బాగోలేదు.

ఒక్కోసారి నిజమే. కానీ ఒకే అంశం మీద నాలుగు మంచి ప్రతిపాదనలొస్తే కమిటీ సాధారణంగా ఒకదాన్నే ఉంచుకుంటుంది. అభిప్రాయం రాసి పంపితే అందులో ‘స్పష్టత లేదు’ అని ఉందా, ‘ఇదే విషయం మీద మరొకటి తీసుకున్నాం’ అని ఉందా చూడండి. మొదటిదైతే తిరగరాయాలి. రెండోదైతే అదే పాఠాన్ని శ్రోతల పేరా మాత్రం మార్చి డేటాబేస్ సదస్సుకు పంపవచ్చు. అక్కడ పైథాన్ ఫంక్షన్ చిన్నదై, కాలమ్, ఇండెక్స్ సంగతి పెద్దదవుతుంది.