వ్యాపారం దెబ్బతింటే కొన్నవాడికి లాభమా?

ఫలితాల సీజన్ వస్తే ఇలాంటిది ఒకటైనా కనబడుతుంది. కొనుగోలైన సంస్థ అనుకున్నంత రాణించలేదు, అయినా దాన్ని కొన్న కంపెనీ లాభం పెరిగింది. లక్ష్యం చేరితే అమ్మినవాళ్లకు ఇస్తామన్న అదనపు సొమ్ము, అంటే ఎర్నౌట్, ఇక ఇవ్వక్కర్లేదు కాబట్టి ఆ బాకీ తగ్గి లాభంలో పడింది. ఇది లెక్కల గారడీ అన్న విమర్శ వెంటనే మొదలవుతుంది.

గొడవకు మూలం 2008 జనవరిలో సవరించిన అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణం ఐఎఫ్‌ఆర్‌ఎస్ 3. అంతకుముందు ఎర్నౌట్ అంచనా మారితే ఆ తేడా గుడ్‌విల్‌లో, అంటే సంస్థ నికర ఆస్తుల విలువకు మించి పెట్టిన ధరలో, కలిసిపోయేది. లాభనష్టాల ఖాతాకు సెగ తగిలేది కాదు, ఎక్కువ ధర పెట్టి కొన్నారన్న సంగతీ బయటపడేది కాదు. కొత్త నిబంధన ప్రకారం కొన్న రోజునే ఎర్నౌట్‌కు ఫెయిర్ వాల్యూ, అంటే ఆనాటి మార్కెట్ లెక్కన విలువ, కట్టాలి. నగదుగా ఇవ్వాల్సిన బాకీ అయితే ప్రతి రిపోర్టింగ్ తేదీన మళ్లీ విలువ కట్టి, తేడాను లాభనష్టాల్లో చూపాలి. మన దేశంలో పెద్ద కంపెనీలకు 2016-17 నుంచి భారతీయ అకౌంటింగ్ ప్రమాణం ఇండ్ ఏఎస్ 103 ఇదే చెబుతోంది.

2011లో ఫ్రాన్స్ మందుల కంపెనీ సనోఫీ అమెరికా సంస్థ జెంజైమ్‌ను కొన్న తీరు చూస్తే దీని అసలు రూపం తెలుస్తుంది. షేరుకు 74 డాలర్ల నగదుతో పాటు ఒక హక్కుపత్రం ఇచ్చింది. లక్ష్యాలన్నీ నెరవేరితే దాని మీద మరో 14 డాలర్ల దాకా వస్తాయి. అందులో ఒక డాలరు, లెమ్‌ట్రాడా మందుకు 2014 మార్చి 31లోగా అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి వస్తేనే. ఆ పత్రాలు నాస్‌డాక్‌లో చేతులు మారేవి కాబట్టి బాకీ విలువను మార్కెట్టే చెప్పేది. 2013 డిసెంబరు చివర ఎఫ్‌డీఏ కాదంది. పత్రం ధర కుప్పకూలింది, సనోఫీ బాకీ తగ్గింది. విమర్శకులు ఇక్కడే ఆగిపోతారు. కానీ అదే ఏడాది లెమ్‌ట్రాడా ఆస్తి విలువను కూడా సనోఫీ తగ్గించి నష్టం చూపింది. 2014 నవంబరులో, గడువు దాటాక, అనుమతి వచ్చినప్పుడు ఆ తగ్గింపులో కొంత వెనక్కి తీసుకుంది.

కాబట్టి ఎర్నౌట్ లాభం కనబడగానే రెండో వైపు చూడాలి. ఆస్తి, గుడ్‌విల్ విలువలు కదలకుండా బాకీ ఒక్కటే తగ్గితే అనుమానించాల్సిందే. మార్కెట్ ధర లేని ఒప్పందాల్లో మొదటి అంచనా యాజమాన్యం చేతిలోనే ఉంటుంది. కొన్న రోజున దాన్ని కావాలనే పెంచి రాస్తే గుడ్‌విల్ ఉబ్బుతుంది, తర్వాతి ఏడాదుల్లో లాభానికి నిల్వ దొరుకుతుంది. తగ్గించి రాస్తే తర్వాత నష్టం మీద పడుతుంది. అప్పుడు మొదటి ఏడాదిలోపు అంచనా దిద్దుకోవచ్చన్న వెసులుబాటు పేరు చెప్పి ఆ నష్టాన్ని గుడ్‌విల్‌లోకి తోసేయాలని చూస్తారు. ఆ వెసులుబాటు కొన్న రోజుకే ఉన్న వాస్తవాలు తర్వాత తెలిసినప్పుడు మాత్రమే. కొన్న తర్వాత అమ్మకాల లక్ష్యం చేరడం ఆ కోవలోకి రాదు.