డిస్‌ప్లేలో 6, బెల్టు మీద ఎంత? ట్రెడ్‌మిల్ వేగం గురించి అపోహలు - వాస్తవాలు

ట్రెడ్‌మిల్ రిపేర్ల పని మీద అమలాపురం, రాజోలు, రావులపాలెం, అటు నరసాపురం, భీమవరం దాకా తిరుగుతుంటాను. ఏ ఇంటికి వెళ్లినా వినిపించే మాట ఒకటుంది. "డిస్‌ప్లేలో 6 అని చూపిస్తోంది కదండీ, అంటే ఆరే కదా?" అవ్వాలని లేదు. ఈ ఒక్క నమ్మకం వల్ల కొందరు లేని జబ్బు ఉందని భయపడుతున్నారు, కొందరు బాగున్న మోటార్లు మార్పించుకుంటున్నారు. అందుకే ఈరోజు దీని గురించే ఎక్కువ రాస్తాను.

అపోహ: డిస్‌ప్లే చూపించేది బెల్టు నిజంగా తిరుగుతున్న వేగం.

ఇళ్లలో వాడే చాలా మెషిన్లలో ఆ అంకె మీరు అడిగిన వేగం మాత్రమే. మీరు 6 నొక్కారు, కంట్రోలర్ దానికి తగ్గట్టు మోటారుకి కరెంటు పంపింది, డిస్‌ప్లే 6 చూపించింది. కొంచెం మంచి మెషిన్లలో ముందు రోలరు పుల్లీకి చిన్న అయస్కాంతం, దాని పక్కన ఒక సెన్సర్ ఉంటాయి. అక్కడ కూడా సెన్సర్ లెక్కపెట్టేది రోలరు చుట్లను. మన అడుగు పడ్డప్పుడు బెల్టు రోలరు మీద జారిపోతే, రోలరు మామూలుగానే తిరుగుతుంది కాబట్టి సెన్సర్‌కి ఆ సంగతి తెలియదు.

మొన్న వేసవిలో అమలాపురం దగ్గర ఒక రిటైర్డ్ మాస్టారు ఫోన్ చేశారు. ఇంట్లో 6 మీద అరగంట హాయిగా నడుస్తారు. కాలువ గట్టు రోడ్డు మీద కిలోమీటరు రాళ్లు చూసుకుంటూ నడిస్తే మాత్రం ఒక్కో కిలోమీటరుకి 11 నిమిషాలకు అటూ ఇటూ పడుతోంది. గంటకు 6 కిలోమీటర్లంటే 10 నిమిషాల్లో అయిపోవాలి. "ఇంట్లో నడవగలుగుతున్నాను, బయట 10 నిమిషాల్లో చేరాలంటే ఆయాసం వస్తోంది. గుండెలో ఏదో తేడా వచ్చిందోయ్" అన్నారు. ఆ గొంతులో టెన్షన్ నాకు ఇప్పటికీ గుర్తుంది. "ఆయాసం సంగతి డాక్టరు గారికి చెప్పండి మాస్టారూ, అది ఆయన చూడాల్సిందే. మీ ట్రెడ్‌మిల్ సంగతి నేను వచ్చి చూస్తాను" అన్నాను.

చూడడానికి పెద్ద సామాను అక్కర్లేదు. స్టీల్ టేపు, సుద్దముక్క, ఫోన్‌లో స్టాప్‌వాచ్, పక్కన ఇంకో మనిషి, అంతే. ముందుగా బెల్టు మొత్తం పొడవు కావాలి. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. పైన కనిపించే భాగాన్ని కొలిచి రెండింతలు చేస్తే రోలర్ల చుట్టూ తిరిగి కవర్ల కింద దాక్కున్న భాగం లెక్కలోకి రాదు. దర్జీ గుడ్డ టేపు కూడా వద్దు, పాతదైతే సాగి ఉంటుంది.

మాస్టారి ఇంట్లో ఇలా కొలిచాను. ప్లగ్గు పూర్తిగా తీసేశాను. పక్కన కాలు పెట్టే పట్టీ మీద సరిగ్గా మీటరు దూరంలో రెండు పెన్సిల్ గీతలు పెట్టాను, ఒకటి ముందు, ఒకటి వెనుక. ముందు గీతకు ఎదురుగా బెల్టు మీద అడ్డంగా మొదటి సుద్దగీత గీశాను. బెల్టును చేత్తో వెనక్కి లాగి, ఆ సుద్దగీత వెనుక పెన్సిల్ గీత దగ్గరికి రాగానే ఆపాను. ఒక మీటరు అయింది. ముందు గీత దగ్గర రెండో సుద్దగీత గీసి మళ్లీ అలాగే లాగాను, రెండు మీటర్లు. అక్కడ మూడోది గీసి, మొదటి గీత అడుగు నుంచి తిరిగొచ్చి ముందు పెన్సిల్ గీతను తాకేదాకా లాగాను. అప్పుడు మూడో గీత దాన్నుంచి 84 సెంటీమీటర్లు వెనక్కి ఉంది. మొత్తం 2.84 మీటర్లు. సుద్దగీతల పక్కన చిన్న అంకెలు వేసుకుంటే ఏది ఏదో తికమక పడరు. లెక్కపెట్టే ముందు మొదటి గీత ఒక్కటే ఉంచి మిగతావి తుడిచేయాలి.

ఇక సమయం. మెషిన్‌ని 6 మీద పెట్టి వేగం నిలకడ అయ్యేదాకా ఆగాలి. లెక్కపెట్టే మనిషి పక్కన కూర్చుని ముందు పెన్సిల్ గీత మీదే చూపు నిలపాలి. సుద్దగీత దాన్ని దాటగానే స్టాప్‌వాచ్ నొక్కుతూ "సున్నా" అనాలి. "ఒకటి" అని మొదలుపెడితే 20 అనేసరికి బెల్టు తిరిగింది 19 చుట్లే. అక్కడే 5 శాతం తప్పు వచ్చేస్తుంది, అదీ మెషిన్ తప్పులా కనిపిస్తుంది. ఒకటి రెండు చుట్లతో సరిపెట్టకూడదు కూడా. ఈ వేగంలో ఒక చుట్టుకి 1.7 సెకన్లు పడుతుంది. మన వేలు పావు సెకను ఆలస్యమైనా అందులో ఏడో వంతు పోతుంది. 20 చుట్లకైతే ఆ పావు సెకను ఒక శాతం కూడా కాదు. సుద్దగీతను కంటితో పట్టుకోలేకపోతే ఫోన్‌లో వీడియో తీసి నెమ్మదిగా ఆడించి లెక్కపెట్టుకోవచ్చు. తిరుగుతున్న బెల్టు మీద చెయ్యి మాత్రం పెట్టకండి. చీర కొంగు, తుండు, పిల్లలు దూరంగా ఉండాలి.

లెక్క ఇది:

```
వేగం (కి.మీ./గంట) = బెల్టు పొడవు (మీ.) × చుట్లు × 3.6 ÷ సెకన్లు
```

ఎవరూ ఎక్కకుండా 20 చుట్లకు 34.3 సెకన్లు పట్టింది. 2.84 × 20 × 3.6 అంటే 204.48. దాన్ని 34.3తో భాగిస్తే 5.96. మెషిన్ నిక్షేపంగా ఉందనిపిస్తుంది. అంతకు ముందు చూసిన ఒక రిపేరు మనిషి ఇలాగే ఖాళీగా తిప్పి "స్పీడు కరెక్టే, మీకే ఓపిక తగ్గింది" అని చెప్పి వెళ్లిపోయాడట. పెద్దాయనకు భయం పట్టుకుంది అప్పటినుంచే. ఆ మాట విన్నాక నాకు చాలా కోపం వచ్చింది.

మాస్టారిని ఎక్కించాను. 82 కిలోల మనిషి. సేఫ్టీ క్లిప్పు చొక్కాకి పెట్టించి, కడ్డీ పట్టుకోకుండా మామూలుగా నడవమన్నాను. అదే 20 చుట్లు, 36.9 సెకన్లు. 204.48ని 36.9తో భాగిస్తే 5.54. ఆ వేగంలో కిలోమీటరుకి 10 నిమిషాల 50 సెకన్లు పడుతుంది. గట్టు మీద ఆయన నడుస్తున్నది కూడా దాదాపు అంతే! అరగంటకి డిస్‌ప్లే 3 కిలోమీటర్లు చూపిస్తుంటే ఆయన నడిచింది 2.77.

అందుకని మనిషి నడుస్తుండగా కొలవని కొలత నా లెక్కలో కొలతే కాదు. రెండుసార్లూ కొలిచి పోల్చితే జబ్బు ఎక్కడుందో కూడా తెలుస్తుంది. ఖాళీగా సరిగ్గా ఉండి, ఎక్కితే తగ్గితే డెక్ పలక మీద రాపిడో, బెల్టు జారడమో, మోటారు బరువుకి తగ్గడమో కారణం. ఎక్కినా ఎక్కకపోయినా ఒకే శాతం తేడా వస్తే కాలిబ్రేషన్, అంటే మెషిన్ వేగం సెట్టింగు, తప్పిందని, లేదా రోలరు మార్చినప్పుడు వేరే సైజుది వేశారని. ముందు రోలరు లావుదైతే అదే చుట్లకు బెల్టు ఎక్కువ దూరం తిరుగుతుంది, మెషిన్‌కి అది తెలియదు. బెల్టు జారుతుంటే అడుగు పడ్డప్పుడల్లా చిన్న కుదుపు కాలికి తగులుతుంది. జారుడా, మోటారు తగ్గడమా అన్నది తేల్చడానికి నేను టాకోమీటరుతో రోలరు చుట్లు చూస్తాను. మనిషి ఎక్కినా రోలరు తగ్గకుండా బెల్టు మాత్రం తగ్గితే అది జారుడు. రోలరు కూడా తగ్గితే మోటారు వైపు చూడాలి. దానికి మెషిన్ ముందు భాగం కవరు తీయాలి కాబట్టి ఆ పని ఇంట్లో చేయకండి.

మాస్టారి మెషిన్లో రోలరు కూడా తగ్గింది. బెల్టు అంచు పైకెత్తి చెయ్యి పెడితే డెక్ జిగటగా ఉంది, కొబ్బరినూనె వాసన. కోనసీమలో ఇది మామూలే, ఇంట్లో ఉన్న మంచి నూనె కదా అని పోసేస్తారు. కొన్నాళ్లకు అది దుమ్ముతో కలిసి బంకలా మారి, అడుగు పడ్డప్పుడల్లా బెల్టును పలకకు పట్టేస్తుంది. మోటారు ఆ బరువు లాగలేక తగ్గుతుంది. వేయాల్సింది సిలికాన్ ఆయిల్, అదీ కొద్దిగానే. బెల్టు వదులు చేసి, పలకంతా పొడిగుడ్డతో తుడిచి తుడిచి, సిలికాన్ వేసి, మళ్లీ బిగించి ఆయన్ను ఎక్కించాను. 34.5 సెకన్లు, అంటే 5.93. రెండు, మూడు శాతం తేడాను నేను పట్టించుకోను. ఈ మెషిన్‌కే ఇంకొకరెవరో అంతకు ముందు కొత్త మోటారు వేయాలని చెప్పి ఉన్నారు.

మిగతా అపోహలు త్వరగా చెప్పేస్తాను.

"కొత్త బెల్టు పొడవుగా ఉంది, అందుకే స్పీడు తగ్గింది." కాదు. బెల్టు వేగం రోలరు అంచు వేగమే. పొడవైతే చుట్టుకి ఎక్కువ సమయం పడుతుంది, వేగం మారదు. బెల్టు మార్చాక పొడవు మళ్లీ కొలుచుకోండి, పాత అంకెతో లెక్కేయకండి.

"వాచీ వేరే చూపిస్తోంది, కాబట్టి ట్రెడ్‌మిల్ తప్పు." ఇంట్లో వాచీ మీ చెయ్యి ఊపును బట్టి అంచనా వేస్తుంది. కడ్డీ పట్టుకుంటే ఆ అంచనా కూడా చెడుతుంది. మీరు ఉన్నచోటే ఉంటారు కాబట్టి ఫోన్‌లో జీపీఎస్ అసలు పనికిరాదు.

"ఉదయం ఒకలా, సాయంత్రం ఒకలా ఉంది, బోర్డు పోయింది." ముందు వోల్టేజీ చూడండి. రొయ్యల చెరువుల మీద ఏరేటర్లు బాగా ఆడేది రాత్రి నుంచి తెల్లారేదాకా. భీమవరం వైపు కొన్ని ఊళ్లలో తెల్లవారుజామున మీటరు పెడితే వోల్టేజీ బాగా పడిపోయి కనిపించింది. మీరు రోజూ నడిచే వేళకే కొలవండి.

మాస్టారు ఆ సాయంత్రం 6 మీద ఎక్కి నాలుగు నిమిషాలకే "ఇది గట్టు మీద ఆయాసమేనోయ్" అని 5.5కి తగ్గించుకున్నారు. వారం తర్వాత డాక్టరుకి చూపించుకున్నప్పుడు కూడా ఆయన చెప్పింది 6 అని కాదు, 5.5 అని. వచ్చేముందు మెషిన్ పక్కన గోడ మీద పెన్సిల్‌తో "బెల్టు 2.84 మీ., 20 చుట్లు, 34.5 సె." అని, కింద తేదీ వేసి వచ్చాను. దాని కింద ఆయనే నెలకోసారి కొలిచి రాస్తున్నారు. నిన్న ఫోన్ చేసి 34.7 అని చెప్పారు.