మొక్క మట్టిని తినదు: చిక్కుడు, మనీప్లాంటు చెప్పుకున్న కబుర్లు

కిరణజన్య సంయోగక్రియ పాఠం ముగిసిన మర్నాడు ఆరో తరగతిలో ఒక్క ప్రశ్న వేసి చూడండి: "మొక్కకు ఆహారం ఎక్కడి నుంచి వస్తుంది?" నిన్న నిర్వచనం గడగడా అప్పజెప్పిన పిల్లలే "మట్టిలోంచి, వేర్ల ద్వారా" అంటారు. నిర్వచనమూ ఈ జవాబూ ఒకే బుర్రలో పక్కపక్కనే కాపురం ఉంటాయి, ఒకదాన్నొకటి పలకరించుకోవు.

పిల్లల తప్పేమీ లేదు. మొక్కకు నోరు కనిపించదు, మట్టిలోకి దిగిన వేర్లు కనిపిస్తాయి. పైగా పాఠాన్ని రెండు మొక్కల సంభాషణగా రాసేటప్పుడు మనమే ఈ అపోహకు నీళ్లు పోస్తాం. "ఆకు వంటగది, సూర్యుడు పొయ్యి, వేర్లు సరుకులు మోసుకొచ్చే కూలీలు" అనే పోలిక వినడానికి ముచ్చటగా ఉంటుంది. కానీ అందులో సరుకులన్నీ వేర్ల నుంచే వస్తాయి. అసలు సరుకు వంటగది కిటికీలోంచి వస్తోందన్న మాటే ఉండదు.

అందుకే సంభాషణలో ఒక మొక్కకైనా మట్టి లేకుండా చూడాలి. నీళ్ల సీసాలో బతికే మనీప్లాంటు దీనికి సరిగ్గా సరిపోతుంది. రెండోది కుండీలోని చిక్కుడు మొక్క. అది తప్పుగా ఆలోచించాలి, పిల్లలు ఆలోచించినట్టే.

చిక్కుడు: అక్కా, నీ దగ్గర మట్టేదీ? ఉత్త నీళ్లే కనిపిస్తున్నాయి.

మనీప్లాంటు: లేదు చెల్లీ. నా కాపురమంతా ఈ సీసాలోనే.

చిక్కుడు: అయ్యో! మరేం తింటావు? నాకు కుండీ నిండా మట్టి ఉంది. రోజూ కొంచెం కొంచెం తింటున్నాను.

మనీప్లాంటు: తింటున్నావా? అయితే నీ కుండీలో మట్టి ఎంత తగ్గింది?

చిక్కుడు: ఉండు, చూస్తాను. మొదట్లో అంచుకు రెండు వేళ్ల కిందికి ఉండేది. ఇప్పుడూ... అక్కడే ఉంది.

మనీప్లాంటు: నువ్వేమో జానెడు దానివి మూరెడయ్యావు. తిన్నది తగ్గకుండా తిన్నావా?

చిక్కుడు: అయితే నీళ్లు తాగి పెరిగానన్నమాట!

మనీప్లాంటు: చాలా కాలం కిందట వాన్ హెల్మాంట్ అనే ఆయన కూడా అలాగే అనుకున్నాడు. దాదాపు 90 కిలోల ఎండు మట్టిని తూచి పోసి, రెండు కిలోల పైచిలుకు బరువున్న విల్లో మొక్క నాటాడు. 5 ఏళ్లు నీళ్లు తప్ప ఏమీ పోయలేదు. చెట్టు దాదాపు 77 కిలోలైంది. మట్టిని మళ్లీ ఎండబెట్టి తూచాడు. ఎంత తగ్గిందో చెప్పు?

చిక్కుడు: 70 కిలోలు?

మనీప్లాంటు: 60 గ్రాములు కూడా కాదు.

చిక్కుడు: చూశావా, అంతా నీళ్లే!

మనీప్లాంటు: ఆయనా అక్కడే ఆగిపోయాడు. చెట్టు చుట్టూ ఉన్న గాలిని లెక్కలో వేసుకోలేదు. నీ ఆకుల అడుగున కంటికి కనిపించనంత చిన్న రంధ్రాలు బోలెడున్నాయి. వాటిలోంచి కార్బన్ డయాక్సైడ్ లోపలికి వస్తోంది. నీ ఒళ్లు కట్టింది చాలావరకు దానితోనే.

చిక్కుడు: గాలితోనా! గాలికి బరువుంటుందా?

మనీప్లాంటు: ఉంటుంది. కాకపోతే మనకు కావలసిన వాయువు గాలిలో చాలా తక్కువ. పదివేల చెంబుల గాలిలో అది నాలుగు చెంబులు. అందుకే మన ఆకులు పలచగా, వెడల్పుగా పరుచుకుని ఉంటాయి.

చిక్కుడు: మరి ఎండ? ఎండను తింటామా?

మనీప్లాంటు: తినం. ఎండ శక్తి, పదార్థం కాదు. ఆకులోని పత్రహరితం ఆ శక్తిని పట్టుకుంటుంది. దానితో నీటిని విడగొడతాం. ఆక్సిజన్ బయటికి పోతుంది. మిగిలిన హైడ్రోజన్‌ను కార్బన్ డయాక్సైడ్‌కు చేర్చి చక్కెర చేసుకుంటాం. నీ కాండం, ఆకులు, కాయలు అన్నింటికీ మొదలు ఆ చక్కెరే.

చిక్కుడు: అయితే ఈ మట్టితో నాకు పనే లేదు. నేనూ సీసాలోకి వచ్చేస్తా!

మనీప్లాంటు: ఆగాగు. నా కింది ఆకు చూడు, ఎలా పసుపుబారిందో. నైట్రోజన్, మెగ్నీషియం లాంటివి ఈ నీళ్లలో నాకు చాలడం లేదు. అవి లేకపోతే పత్రహరితమే తయారవదు. కావలసింది కొంచెమే, కానీ తప్పనిసరి.

ఈ చివరి మాట తీసేయకండి. అది లేకపోతే పిల్లలు ఒక అపోహ వదిలి "మట్టి అక్కర్లేదు" అనే ఇంకో అపోహ పట్టుకుంటారు.

"చాలావరకు" అంటే ఎంత? చెప్పేవారికి ఈ లెక్క తెలిసి ఉండాలి, పిల్లలకు అంతా చెప్పనక్కర్లేదు. 180 గ్రాముల గ్లూకోజ్‌లో 72 గ్రాములు కార్బన్, 96 గ్రాములు ఆక్సిజన్, 12 గ్రాములు హైడ్రోజన్. కార్బన్, ఆక్సిజన్ రెండూ కార్బన్ డయాక్సైడ్ నుంచే వస్తాయి. నీటి నుంచి వచ్చేది హైడ్రోజన్ ఒక్కటే. అంటే 180లో 168 గ్రాములు గాలిలోంచి, 12 గ్రాములు నీటిలోంచి. మట్టి వాటా సున్నా. పచ్చి మొక్కను తూచితే బరువులో ఎక్కువ భాగం నీరే ఉంటుంది కాబట్టి వాన్ హెల్మాంట్ పొరబడ్డాడంటే ఆశ్చర్యం లేదు. అందుకే తూచేటప్పుడు ఎండబెట్టి తూచాలి.

మట్టి వాటాను కళ్లారా చూపించాలంటే బూడిద చాలు. 100 గ్రాముల ఎండు కట్టె పూర్తిగా కాలితే మిగిలే బూడిద ఒక గ్రాము అటూఇటూ. మట్టిలోంచి వచ్చిన ఖనిజాల్లో ఎక్కువ భాగం అదే. నైట్రోజన్ మాత్రం పొగతో పాటు పోతుంది, ఆ మాట కూడా చెప్పాలి. మిగతా కట్టెంతా ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడికే, గాలిలోకి, వెళ్లిపోయింది.

తరగతిలో చేసే ప్రయోగంగా నల్ల కాగితం చుట్టి చేసే అయోడిన్ పరీక్ష ఎలాగూ ఉంది. అది వెలుతురు తగిలిన చోట పిండిపదార్థం ఏర్పడిందని చూపిస్తుంది గానీ, అది దేనితో తయారైందో చూపించదు. మన అపోహకు మందు తూకమే. 90 చిక్కుడు గింజలు తీసుకుని 30 చొప్పున మూడు వాటాలు చేయండి. ఒక వాటాను నానబెట్టకుండా పక్కన పెట్టండి. మిగతా రెండింటినీ తడి దూది మీద మొలకెత్తించి, ఒకదాన్ని ఎండ వచ్చే కిటికీలో, రెండోదాన్ని మూసిన పెట్టెలో ఉంచండి. దూది ఆరకూడదు, నీళ్లు నిలవకూడదు. నిలిస్తే బూజు పట్టి గింజలు కుళ్లుతాయి, తూకం చెడుతుంది.

పదో రోజుకు పిల్లలు గోల చేస్తారు: "చీకట్లోవే పొడుగ్గా ఉన్నాయి, ఎండ అక్కర్లేదు!" చేయనివ్వండి. మూడు వారాల తర్వాత రెండింటినీ వేళ్లతో సహా తీసి దూది పోగులు ఏరేయండి. మూడు వాటాలనూ ఒకే ఎండలో, వరుసగా రెండు రోజుల తూకం ఒకేలా వచ్చేదాకా ఎండబెట్టండి. ఊడిపడిన పైతొక్కలు, వాడిన బీజదళాలు కూడా తూకంలో వేయాలి. చాలామంది వాటిని పారేసి లెక్క తప్పుతారు. త్రాసు 0.1 గ్రాము చూపించేదై ఉండాలి.

పొడుగ్గా ఉన్న చీకటి మొలకలు పొడి గింజల కన్నా తేలికవుతాయి. అవి గింజలో దాచుకున్నదాన్ని ఖర్చు పెట్టుకుని సాగాయి, కొత్తగా ఏమీ చేసుకోలేదు. కిటికీలోవి మట్టి ఒక్క రవ్వ లేకుండానే గింజ బరువును దాటుతాయి. మొదటి వారంలోనే తీసేస్తే అవి కూడా తగ్గే కనిపిస్తాయి. ఆకులు విప్పుకుని సంపాదన మొదలయ్యేదాకా వాటికీ ఖర్చే మరి. అందుకే మూడు వారాలు. మబ్బులు కమ్మిన రోజులైతే ఇంకొన్ని రోజులు ఆగండి.

ఈ అపోహ పరీక్షలో ఒక మార్కుతో పోతే పోనీ అనుకోవచ్చు. కుండీలో మొక్కనే పోగొడుతుంది. ఎరువును "మొక్కల భోజనం" అనడం మనకు అలవాటు. నీడలో పెట్టిన మొక్క పాలిపోగానే పాపం ఆకలేస్తోందని ఇంకో చెంచా వేస్తాం. కణుపుల మధ్య దూరం పెరిగి, ఆకులు చిన్నవై, మొక్క కిటికీ వైపు వంగితే దానికి కావలసింది వెలుతురు. వెలుతురు బాగానే ఉండి, కింది ముదురు ఆకులు ముందుగా పసుపుబారితే అప్పుడు నైట్రోజన్ చాలలేదని అనుమానించాలి. ఎరువు ఎక్కువైతే మట్టిలో లవణాలు పేరుకుని వేర్లు నీటిని లాగలేవు. ఆకుల అంచులు మాడతాయి, మట్టి పైన తెల్లటి పొర కడుతుంది. అప్పుడు కుండీ అడుగు రంధ్రంలోంచి ధారాళంగా కారేలా మంచినీళ్లు పోసి కడగాలి. అంతే తప్ప మళ్లీ ఎరువు కాదు.

మిగతా అపోహలు ఇంత నష్టం చేయవు. వదిలే ఆక్సిజన్ కార్బన్ డయాక్సైడ్‌లోంచి వస్తుందనేది ఒకటి. అది నీటిలోంచి వస్తుంది, పైన మనీప్లాంటు చెప్పేసింది. గింజ మొలకెత్తడానికి ఎండ కావాలనేది ఇంకొకటి. పెట్టెలోని చిక్కుళ్లే దానికి జవాబు. రాత్రి గదిలో మొక్క ఉంటే ఊపిరాడదని భయపడేవారు మాత్రం నిశ్చింతగా పడుకోవచ్చు. పక్కన పడుకున్న మనిషి వదిలే కార్బన్ డయాక్సైడ్ ముందు కుండీ మొక్క వదిలేది లెక్కలోకి రాదు. "పగలు కిరణజన్య సంయోగక్రియ, రాత్రి శ్వాసక్రియ" అని పట్టిక గీసి కంఠతా పట్టించడం వల్లే ఈ తికమకంతా. దాన్ని చిక్కుడు నోటే అడిగించండి.

చిక్కుడు: అక్కా, చీకటి పడింది. ఇక చక్కెర చేయడం ఆపి, ఊపిరి తీసుకోవడం మొదలెట్టనా?

మనీప్లాంటు: పొద్దున్నుంచీ తీసుకుంటూనే ఉన్నావు కదే! ఆపింది చక్కెర పని ఒక్కటే.