తవ్విన మట్టి గోతిలో ఎందుకు పట్టదు?

ఒక పాఠకుడు రాసిన ప్రశ్న ఇది: "మా ఊరి రోడ్డు వెంట మంచినీళ్ల పైపులైను కోసం కాలువ తవ్వారు. పైపు దించి మట్టి మళ్లీ నింపేశారు. అయినా బోలెడంత మట్టి మిగిలిపోతే టిప్పర్లలో తోలేశారు. రెండు పెద్ద వానలు పడేసరికి సరిగ్గా అదే వరసన నేల జానెడు దిగబడింది. మట్టి మిగిలిందన్నప్పుడు గొయ్యి ఎలా పడుతుంది?"

మంచి ప్రశ్న. మిగిలిన కుప్పకీ, దిగబడిన రోడ్డుకీ కారణం ఒకటే. అది తేలాలంటే ముందు ఎంత తవ్వారో లెక్క కట్టాలి.

పైపు కాలువ గోడలను నిట్టనిలువుగా చెక్కి వదిలేయరు. లోతు మీటరున్నరకు చేరిందంటే, లోపల మనిషి దిగేలోపు గోడలకు చెక్కలో పలకలో ఆనించాలి, లేదా గోడలను వాలుగా కోయాలి. తడి మట్టి ఒక ఘన మీటరు టన్నున్నరకు పైనే తూగుతుంది. అది విరిగి మీద పడితే నడుం దాకా కూరుకున్న మనిషిని పైకి లాగడం కూడా కష్టమే. అందుకే ఊరి బయట, చోటున్న దగ్గర, వాలు కోస్తారు. అలా కోసిన కాలువను అడ్డంగా చూస్తే అడుగున ఇరుకు, పైన వెడల్పు ఉంటుంది. బడిలో సమలంబ చతుర్భుజం అని చెప్పింది ఇదే. దాని వైశాల్యం:

A = (b + s·h)·h

ఇందులో b అడుగు వెడల్పు, h లోతు. ఒక మీటరు లోతుకు గోడ ఎంత పక్కకు జరుగుతుందో అది s.

ఒక కాలువ తీసుకుందాం. పైపు 600 మిల్లీమీటర్ల డక్టైల్ ఐరన్‌ది. 600 అన్నది పేరుకే, దాని బయటి వ్యాసం 635 మిల్లీమీటర్లు. అడుగున 15 సెంటీమీటర్ల ఇసుక పరుపు, దాని మీద పైపు, పైపు మీద 1.2 మీటర్ల మట్టి. మొత్తం రెండు మీటర్ల లోతు అనుకోండి. అడుగు వెడల్పు 1.2 మీటర్లు, పొడవు 100 మీటర్లు. నిలువు గోడలైతే 240 ఘన మీటర్లు తవ్వాలి. ప్రతి మీటరు లోతుకు అర మీటరు వాలు ఇస్తే 440 అవుతుంది. మీటరుకు మీటరు వాలిస్తే 640. పైపు అదే, లోతు అదే. వాలు కోసమే రెండున్నర రెట్లకు పైగా తవ్వుతున్నాం. వాలు తెచ్చే అదనపు మట్టి లోతు వర్గంతో పాటు పెరుగుతుంది కాబట్టి, లోతు రెట్టింపైతే అది నాలుగింతలవుతుంది.

నేల ఎగుడుదిగుడుగా ఉంటుంది, పైపు మాత్రం తన వాటం తప్పకుండా సాగుతుంది. అందువల్ల లోతు ఒకచోట రెండు మీటర్లుంటే వంద మీటర్ల అవతల మూడు కావచ్చు. సైటు మీద మామూలుగా రెండు చివర్ల వైశాల్యాల సగటు తీసి పొడవుతో హెచ్చిస్తారు. అర మీటరు వాలుతో చేస్తే 625 ఘన మీటర్లు వస్తుంది. అసలు తవ్వింది 616.7. వర్గంతో పెరిగే దానికి సగటు వేస్తే లెక్క ఎప్పుడూ కాస్త ఎక్కువే చూపిస్తుంది. ఇక్కడ తేడా ఎనిమిది ఘన మీటర్లు, దాదాపు ఒక టిప్పరు. దీన్ని సరిదిద్దడానికి మధ్యలోని వైశాల్యాన్ని నాలుగు రెట్లు చేసి, చివర్ల రెండూ కలిపి, ఆరుతో భాగించి, పొడవుతో హెచ్చించే ప్రిజ్మాయిడల్ సూత్రం ఉంది. అది వద్దనుకుంటే పది మీటర్లకోసారి లెవెల్ తీసుకుంటే చాలు. వాలు సమంగా ఉంటే అదే సగటు పద్ధతిలో తప్పు వందో వంతుకు పడిపోతుంది.

పాఠ్యపుస్తకం లెక్క ఇక్కడితో ఆగిపోతుంది. "తవ్విన మట్టి ఘనపరిమాణం ఎంత?" అని అడిగి, రెండు దశాంశ స్థానాల దాకా జవాబు రాయించి, మార్కులు వేసేస్తారు. మట్టికి ఘనపరిమాణం ఒక్కటే ఉన్నట్టు పిల్లలకు ఒక నమ్మకం పడిపోతుంది. సైటు మీద ఉన్నవాళ్లకు మాత్రం మట్టికి మూడు కొలతలు: నేలలో ఉన్నప్పుడు ఒకటి, టిప్పర్లో ఉన్నప్పుడు ఒకటి, దిమ్మిస కొట్టాక మరొకటి.

మానికలో బియ్యం పోసి తట్టకుండా కొలిస్తే ఒక లెక్క, తట్టి కొలిస్తే ఒక లెక్క. గింజలు అవే, వాటి మధ్య ఖాళీలు మాత్రం మారతాయి. మట్టీ అంతే. ఏళ్ల తరబడి తన బరువు కిందే నలిగి కుదురుకున్న నేలను జేసీబీ బకెట్ పెళ్లగిస్తే పెళ్లలు పెళ్లలుగా విరుగుతుంది. పెళ్లకూ పెళ్లకూ మధ్య గాలి చేరి పొంగుతుంది. మామూలు మట్టి పాతిక శాతం అటూఇటూగా పొంగుతుంది, ఇసుక అంతకన్నా తక్కువ. బండరాయిని పేల్చితే సగానికి సగం పెరగడం మామూలే. కాబట్టి ఘన మీటర్లను ఘన మీటర్లలోంచి తీసేస్తే జవాబు తప్పుతుంది. ఏ స్థితిలో ఉన్నా మారనిది ఒక్కటే, పొడి మట్టి బరువు. లెక్క దాంతో నడవాలి.

మన 440 ఘన మీటర్ల కాలువకే వద్దాం. నేలలో ఉన్నప్పుడు ఘన మీటరుకు 1.6 టన్నుల పొడి మట్టి ఉందనుకుందాం. అంటే తవ్వింది 704 టన్నులు. కుప్పలో, టిప్పర్లో ఘన మీటరుకు 1.25 టన్నులే పడుతుంది. కాబట్టి ఒడ్డున పడేది 440 కాదు, 563 ఘన మీటర్లు.

ఇక గోతిలో మట్టికి దక్కే చోటు చూద్దాం. పైపు 31.7 ఘన మీటర్లు ఆక్రమించింది, ఇసుక పరుపు 19 తీసుకుంది. మిగిలింది 389. ఈ 389 ఘన మీటర్లలో ఎన్ని టన్నులు కూరాం అన్నదాన్ని బట్టే బయటికి తోలే మట్టి ఎంతో తేలుతుంది.

మొదటి రకం పని: పొరలు పొరలుగా పోసి, తగినంత తడిపి, యంత్రంతో గట్టిగా కొట్టి, ఘన మీటరుకు 1.71 టన్నులకు తెచ్చారు. ప్రయోగశాలలో అదే మట్టికి వచ్చే గరిష్ఠ సాంద్రత 1.8 అనుకుంటే అందులో 95 శాతమిది. అప్పుడు గోతిలోకి 665 టన్నులు పోతుంది. మిగిలింది 39 టన్నులు, వదులు మట్టిగా 31 ఘన మీటర్లు. పది ఘన మీటర్ల టిప్పరుకు మూడు ట్రిప్పులు, కాస్త పైన.

రెండో రకం: నేల మొదట ఎంత గట్టిగా ఉందో అంత గట్టిగానే నింపారు. పైపూ ఇసుకా తోసేసిన మట్టి మాత్రమే మిగులుతుంది. వదులుగా 65 ఘన మీటర్లు, ఆరున్నర ట్రిప్పులు.

మూడో రకం: జేసీబీ బకెట్‌తో మట్టిని అలాగే తోసేసి, పైన చక్రాలతో రెండుసార్లు తొక్కించి ముగించారు. ఘన మీటరుకు 1.35 టన్నులు వచ్చిందనుకుందాం. గోతిలోకి 525 టన్నులే పోయింది. 179 టన్నులు మిగిలిపోయింది. అది 143 ఘన మీటర్లు, పద్నాలుగు ట్రిప్పులు.

అదే కాలువ, అదే పైపు. తోలింది మూడు ట్రిప్పులా, పద్నాలుగా? పాఠకుడు అడిగింది సరిగ్గా ఈ మూడో రకం సంగతే. గోతిలో ఉండాల్సిన మట్టి టిప్పరెక్కి వెళ్లిపోయింది, దాని చోట గాలి మిగిలింది. వాన నీరు దిగినప్పుడు పెళ్లల మధ్య పట్టు సడలి, గింజలు జారి, ఆ ఖాళీలు మూసుకుంటాయి. పైపు మీది 1.2 మీటర్ల మట్టి 1.35 నుంచి మళ్లీ 1.6కు చేరితే ఎత్తు 19 సెంటీమీటర్లు తగ్గుతుంది. జానెడంటే ఇంచుమించు అంతే.

కాబట్టి పని నాణ్యత చూడటానికి ట్రిప్పు చీటీలు కూడా పనికొస్తాయి. కాలువ కొలతలు, పైపు వ్యాసం, చీటీల సంఖ్య తెలిస్తే గోతిలో ఎన్ని టన్నులు మిగిలాయో కాగితం మీదే లెక్క తీయొచ్చు. చీటీలు నిజమైనవైతేనే సుమా.

దీనికి తిరగబడ్డ కేసు ఇంకా సరదాగా ఉంటుంది. సందులో 110 మిల్లీమీటర్ల సన్న పైపు కోసం 60 సెంటీమీటర్ల వెడల్పు, మీటరు లోతుతో నిలువు కాలువ వంద మీటర్లు తవ్వారనుకోండి. తవ్వింది 60 ఘన మీటర్లు, 96 టన్నులు. పైపు తీసుకున్న చోటు ఒక్క ఘన మీటరే. మిగతా 59 ఘన మీటర్లను 1.71 సాంద్రతకు కొట్టాలంటే 101 టన్నులు కావాలి. లోపల పైపు పెట్టాక కూడా అయిదు టన్నుల మట్టి బయటి నుంచి తేవాలన్నమాట!

ఈ మాట వినగానే వాస్తు తెలిసినవాళ్లకు ఒకటి తడుతుంది. స్థలం కొనేముందు మూరెడు గొయ్యి తవ్వి, ఆ మట్టితోనే మళ్లీ పూడ్చి చూడమంటారు. మట్టి మిగిలితే శుభం, సరిపోతే మధ్యమం, చాలకపోతే ఆ స్థలం వద్దు. శుభాశుభాల సంగతి నాకు తెలియదు గానీ, ఆ పరీక్ష నేల సాంద్రత గురించి నిజమే చెబుతుంది. ముందే గట్టిగా ఉన్న నేల తవ్వితే బాగా పొంగుతుంది, తిరిగి పట్టదు. గుల్లగా ఉన్న నేల, పాత చెత్త మీద పోసిన నేల, కాస్త తొక్కగానే లోపలికి దిగి చాలకుండా పోతుంది. అలాంటి చోట పునాది కుంగుతుందని భయపడటంలో తప్పేం లేదు. ఇంజినీర్లు చేసే ఇసుక పరీక్ష దీనికి దగ్గరి చుట్టమే. చిన్న గుంత తవ్వి, తీసిన మట్టిని తూచి ఆరబెట్టి, సాంద్రత తెలిసిన ఇసుకతో ఆ గుంత నింపి దాని ఘనపరిమాణం కొలుస్తారు. వాస్తు పరీక్షకు లేనిది తక్కెడ ఒక్కటే. పూడ్చేవాడు ఎంత గట్టిగా తొక్కాడన్న దాన్ని బట్టి దాని ఫలితం మారిపోతుంది. అమ్మేవాడు తొక్కితే ఎలాగూ మిగులుతుంది!

ఊరి నడుమ చేసే పనికి ఇంకో చిక్కు ఉంది. 563 ఘన మీటర్ల కుప్పను కాలువ వెంట పోస్తే, తన సహజ వాలులో అది దాదాపు రెండు మీటర్ల ఎత్తు, ఆరు మీటర్ల వెడల్పున నిలుస్తుంది. అంచు మీదే పోస్తే ఆ బరువుకు గోడ విరుగుతుంది కాబట్టి మీటరున్నర దూరం వదలాలి. కాలువ పైవెడల్పు 3.2 మీటర్లు. అన్నీ కలిపితే పది మీటర్లు దాటింది, ఇంకా యంత్రం నిలబడలేదు. అంత చోటు లేని వీధిలో మట్టంతా బయటికి తోలి, పైపు పడ్డాక మళ్లీ తేవాలి. అంటే పోవడానికే 56 ట్రిప్పులు. అందుకే వీధుల్లో వాలు మానేసి, నిలువు గోడలకు ఉక్కు పలకలు ఆనించి తవ్వడం ఖర్చు ఎక్కువనిపించినా చివరికి చవకగా తేలుతుంది.

నల్లరేగడిలో ఈ లెక్కలన్నీ పక్కన పెట్టాల్సి రావచ్చు. తడిస్తే ఉబ్బి, ఎండితే నెర్రెలు విచ్చే ఆ మట్టిని పైపు చుట్టూ నింపడం మంచిది కాదు. అక్కడ ఇసుకో మొరమో తెచ్చి నింపి, దాని చోటుకు సరిపడా రేగడిని తోలేస్తారు. అప్పుడు ట్రిప్పులు ఎక్కువైనా అనుమానించాల్సిన పని లేదు. మామూలు మట్టిలో మాత్రం పదిహేను ఇరవై సెంటీమీటర్ల పొర దాటకుండా పోసి కొట్టాలి. అంతకు మించితే యంత్రం దెబ్బ అడుగు దాకా దిగదు, పైన గట్టిగా ఉండి కింద గుల్లగా మిగులుతుంది. నీళ్లు పెట్టి కూర్చోబెట్టడం ఇసుకకు చెల్లుతుంది. బంకమట్టికి అదే చేస్తే బురదవుతుంది, ఆరాక మళ్లీ పగులుతుంది.