తెల్ల కాలనీలో జన్యువు ఉన్నట్టేనా? నీలి-తెలుపు పరీక్ష నేపథ్యం

ప్లాస్మిడ్ అనే చిన్న వలయాకార డీఎన్ఏలో జన్యువును అతికించి బాక్టీరియాలోకి ఎక్కించిన మర్నాడు, పళ్లెంలో తెల్ల కాలనీలు కనిపించగానే పని పూర్తయినట్టు భావించడం పరిపాటి. తెలుపు చెప్పేది మాత్రం ఒక్కటే: ఆ కణాల్లో బీటా-గాలక్టోసిడేజ్ ఎంజైమ్ పనిచేయడం లేదు. కారణమేమిటో రంగు చెప్పదు, ఈ పరిమితి పద్ధతి పుట్టుకలోనే ఉంది.

1967లో పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆగ్నెస్ ఉల్మన్, ఫ్రాంస్వా జాకబ్, జాక్ మొనో ఒక విశేషాన్ని వెల్లడించారు. మొదటి భాగం లోపించి పనిచేయని ఈ ఎంజైమ్‌కు ఆ భాగాన్ని విడిగా అందిస్తే, అది మళ్లీ పనిచేస్తుంది. వెయ్యికి పైగా ఉన్న అమైనో ఆమ్లాల్లో 11 నుంచి 41 వరకు లేని ఎం15 రకాన్నే ఇప్పటికీ ఆతిథేయ బాక్టీరియాలో ఉంచుతారు. కొరవడిన ఆల్ఫా పెప్టైడ్‌ను ప్లాస్మిడ్ సమకూరుస్తుంది. రెండూ జతకూడితే, పళ్లెంలో కలిపిన ఎక్స్-గాల్ అనే రంగులేని పదార్థం విడిపోయి కాలనీ నీలమవుతుంది. ఈ ఏర్పాటును యోఆహిం మెస్సింగ్ 1970ల చివర్లో ఎం13 ఫేజ్ అనే బాక్టీరియా వైరస్‌లోకి, 1982లో వియేరాతో కలిసి పీయూసీ ప్లాస్మిడ్‌లలోకి తెచ్చారు. ఆల్ఫా పెప్టైడ్ మొదట్లో కొన్ని అమైనో ఆమ్లాలు అదనంగా చేరినా అది పనిచేస్తుంది గనుక, కోత స్థానాలను అక్కడే అమర్చారు. అయితే మూడేసి బేసుల చదువు వరుస చెదరకూడదు. అది చెదిరినా, పెద్ద జన్యువు అక్కడ చేరినా పెప్టైడ్ పనిచేయక కాలనీ తెల్లగా మిగులుతుంది.

చిక్కంతా ఆ షరతులోనే ఉంది. 750 బేసుల జన్యువును పీయూసీ19లోని స్మా1 కోత స్థానంలో మొండి చివరలతో అతికిస్తున్నామనుకుందాం. కోసిన చివర నుంచి ఎక్సోన్యూక్లియేజ్ మలినం ఒక్క బేసును కొరికినా, ఖాళీ ప్లాస్మిడ్ తనలో తాను అతుక్కున్నప్పుడు వరుస తప్పి, జన్యువు లేకుండానే తెల్ల కాలనీ వస్తుంది. దీన్ని పట్టించేది, జన్యువు వేయకుండా లైగేషన్, అంటే అతికింపు, చేసిన నియంత్రణ పళ్లెం. అందులో 20 తెల్లవి, అసలు పళ్లెంలో 30 వస్తే, ఆ ముప్పైలో ఇంచుమించు ఇరవై ఖాళీవే కావచ్చు. ఈ పళ్లెం పెట్టకుండా తెల్లవాటిని లెక్కపెట్టడం నా దృష్టిలో వృథా శ్రమ.

పెద్ద కాలనీ చుట్టూ చుక్కల్లా మొలిచే ఉపగ్రహ కాలనీలది వేరే కథ. పెద్ద కాలనీ వెలువరించే బీటా-లాక్టమేజ్ చుట్టుపక్కల పళ్లెంలోని యాంటీబయాటిక్ ఆంపిసిలిన్‌ను నాశనం చేయడంతో ప్లాస్మిడ్ లేని కణాలూ అక్కడ బతుకుతాయి. ఆల్ఫా పెప్టైడ్ లేదు గనుక తెల్లగానే ఉంటాయి. వీటిని ముట్టకూడదు. లేత నీలం కాలనీలను మాత్రం పారేయకూడదు: చిన్న ముక్క మూడు గుణిజాల పొడవుతో, మధ్యలో స్టాప్ కోడాన్ లేకుండా చేరితే ఎంజైమ్ కొంత పనిచేస్తూనే ఉంటుంది.

ఎంచుకున్న కాలనీలకు, చేర్చిన చోటుకు ఇరువైపులా అతుక్కునే ఎం13 ప్రైమర్లతో పీసీఆర్ చేస్తే, జెల్ మీద ఖాళీ ప్లాస్మిడ్ నూరు పైచిలుకు బేసుల గీతను, జన్యువున్నది దానికి 750 కలిపిన గీతను చూపుతుంది. ఇక్కడా ఒక మోసముంది: పళ్లెం మీద మిగిలిన లైగేషన్ డీఎన్ఏ కూడా అదే గీతనివ్వగలదు. అందుకే కాలనీని కొత్త పళ్లెం మీద గీసి, అక్కడ పెరిగినదాని నుంచి ప్లాస్మిడ్ తీసి కోసి చూడాలి. అతుకుల దగ్గర వరుసనూ, ముక్క ఏ దిశలో చేరిందన్న సంగతినీ సీక్వెన్సింగ్‌తో నిర్ధారించుకోవాలి.