తెల్లవారుజామున చేయని ఆ ఒక్క ఫోను: డీఎన్‌ఆర్ నోటు వెనుక కథ

గుండె ఆగితే సీపీఆర్ చేయవద్దన్న డీఎన్‌ఆర్ ఉత్తర్వు ఫైల్లో ఉందని కుటుంబానికి ఆలస్యంగా తెలిసిన ప్రతిసారీ గొడవ ఒకే దారి పడుతుంది. వైద్యుల నిర్ణయం సరైనదా, కాదా అని వాదించుకుంటారు. ఎవరితో మాట్లాడి ఆ నిర్ణయం తీసుకున్నారన్నది వేరే ప్రశ్న. ఆ తేడాను తేల్చిచెప్పింది ఇంగ్లండ్‌లోని సండర్లాండ్ కేసు.

2011 జనవరిలో, మస్తిష్క పక్షవాతంతో జీవిస్తున్న 28 ఏళ్ల యువకుడిని ఛాతీ ఇన్ఫెక్షన్‌తో ఆసుపత్రిలో చేర్చారు. సొంతంగా నిర్ణయం తీసుకోగల సామర్థ్యం అతనికి లేదు. తెల్లవారుజామున 3 గంటలకు వైద్యుడు డీఎన్‌ఆర్ రాశారు. కుటుంబంతో ఉదయం మాట్లాడాలని పక్కనే నమోదు చేశారు. తల్లికి మాత్రం ఫోను చేయలేదు. తెలిశాక ఆమె అభ్యంతరం చెప్పారు, ఉత్తర్వును అదే రోజు రద్దు చేశారు. ఆ రాత్రే కొడుకు మరణించాడు.

సీపీఆర్ వల్ల ప్రయోజనం ఉండదని, ఆ వేళలో ఆమెను లేపడం తగదని ఆసుపత్రి వాదించింది. ఫలించని చికిత్స చేయమని వైద్యుడిని ఎవరూ బలవంతపెట్టలేరు, నిజమే. ఆ తల్లి అడిగింది అది కాదు. తన కొడుకు గురించి తనను ఎందుకు అడగలేదన్నదే ఆమె ప్రశ్న. 2015లో హైకోర్టు ఆమె పక్షాన నిలిచింది. అర్ధరాత్రి ఫోను అసౌకర్యమే కావచ్చు, అంతమాత్రాన అది అసాధ్యం కాదని న్యాయమూర్తి అన్నారు. దానికి ఏడాది ముందే, తనకు చెప్పకుండా డీఎన్‌ఆర్ రాసిన ట్రేసీ అనే రోగి కేసులో ఇంగ్లండ్ అప్పీలు కోర్టు, మాట్లాడగల స్థితిలో ఉన్న రోగినే అడగాలని చెప్పింది. వింటే బాధపడతారన్న కారణం చాలదు, శారీరకంగానో మానసికంగానో హాని జరుగుతుందనుకుంటేనే మినహాయింపు.

ఈ రెండు తీర్పుల వెలుగులో చూస్తే, ‘కుటుంబంతో చర్చించాం, అంగీకరించారు’ అనే వాడుక వాక్యం ఎంత బోలుగా ఉందో తెలుస్తుంది. ఫోను ఏ సమయంలో, ఎవరికి చేశారు, వారు ఏమన్నారు, దొరక్కపోతే మళ్లీ ఎప్పుడు ప్రయత్నించారు అన్నవి అందులో లేవు. పైగా కుటుంబం నుంచి కావలసింది సంతకం కాదు. రోగి ఏం కోరుకునేవారో చెప్పగల సాక్ష్యం. ‘ఎప్పుడూ మెషీన్లమీద బతకనని అనేవాడు’ అని చెల్లెలు చెబితే, ఆమె మాటల్లోనే రాయాలి.

సామర్థ్యం సంగతీ అంతే. ‘అయోమయంగా ఉన్నారు’ అంటే సరిపోదు. చెప్పినది అర్థమైందా, కాసేపు గుర్తుందా, మంచిచెడ్డలు తూచగలిగారా, నిర్ణయాన్ని ఏదో రూపంలో తెలిపారా అన్నది ఆ ఒక్క నిర్ణయానికి, ఆ సమయానికి పరీక్షించి రాయాలి. జ్వరంతో రాత్రి మాట తడబడిన మనిషి, వినికిడి యంత్రం పెట్టుకున్నాక ఉదయం స్పష్టంగా జవాబివ్వవచ్చు. అప్పుడు పాత నోటును కొట్టేసి, రోగితోనే మాట్లాడి, కొత్తది రాయాలి. అందులో యాంటీబయాటిక్స్, ఆక్సిజన్ కొనసాగుతాయో లేదో విడిగా ఉండాలి. డీఎన్‌ఆర్ ఆపేది సీపీఆర్‌ను మాత్రమే.