బాస్‌ని సీసీలో పెట్టి మీకు మెయిల్ కొట్టారా? అపోహలు - వాస్తవాలు

అపోహ: సీసీలో బాస్ ఉన్నారంటే అది నా మీద ఫిర్యాదే.

వాస్తవం: అన్నిసార్లూ కాదు. గడువు, బిల్లులు, క్లయింట్ అనుమతి లాంటి విషయాల్లో మొదటి మెయిల్ నుంచే మేనేజర్ ఉండటం మామూలే. ఇద్దరి మధ్య నడుస్తున్న మెయిళ్లలోకి, కనీసం ఫోనైనా చేయకుండా, నాలుగో మెయిల్లో ఆయన పేరు వచ్చి చేరి, "ఇదివరకే చెప్పినట్టు" అని మొదలైతే మాత్రం అది ఇరికించడానికే అనుకోవచ్చు.

అపోహ: వెంటనే, ఆధారాలన్నీ పెట్టి గట్టిగా జవాబివ్వాలి.

వాస్తవం: ఐటీ ప్రాజెక్టుల్లో తరచూ జరిగేదే చూద్దాం. శుక్రవారం రిలీజ్. బుధవారం సాయంత్రం టెస్టింగ్ లీడ్ మెయిల్ పెడతాడు: "బిల్డ్ ఇంకా రాలేదు. ఆలస్యమైతే మా బాధ్యత కాదు." సీసీలో మీ మేనేజర్. నిజానికి సోమవారం మీరడిగిన టెస్ట్ డేటా వాళ్లు పంపిందే మంగళవారం సాయంత్రం. ఒళ్లు మండుతుంది. పాత మెయిళ్ల స్క్రీన్‌షాట్లతో పేజీడు రాసేస్తాం. మేనేజర్ దాన్ని ఏ మీటింగ్ మధ్యలోనో ఫోన్‌లో తెరిచి రెండు లైన్లు చదువుతారు. ఆయనకు కావాల్సింది శుక్రవారం రిలీజ్ ఉందా లేదా అన్నదే. కాబట్టి ముందు టెస్టింగ్ లీడ్‌కి ఫోన్ చేయండి. తర్వాత అందరికీ ఇంతే రాయండి:

"బిల్డ్ రేపు ఉదయం 11కి ఇస్తాం. శుక్రవారం రిలీజ్‌కి ఇబ్బంది లేదు. సోమవారం అడిగిన టెస్ట్ డేటా నిన్న సాయంత్రం అందింది, అందుకే ఒక రోజు వెనక్కి జరిగింది. టెస్టింగ్‌కి మీకు ఎన్ని గంటలు కావాలో చెప్తారా?"

"మీరే ఆలస్యం చేశారు" అని ఎక్కడా లేదు, కానీ తేదీలు చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది. పైగా ఇప్పుడు జవాబు చెప్పాల్సింది టెస్టింగ్ లీడే. తప్పు నిజంగా మీదే అయితే మూడో వాక్యం తీసేసి, ఆలస్యం మా వైపే జరిగిందని ఒక్క ముక్క రాయండి. సాకు వెతికితే తర్వాతి మెయిల్లో అదే మీ మెడకు చుట్టుకుంటుంది.

అపోహ: బాస్ పేరు తీసేసి జవాబిస్తే గొడవ పెద్దది కాదు.

వాస్తవం: ఆరోపణ ఆయన ఇన్‌బాక్స్‌లో ఉంటుంది, మీ జవాబు ఉండదు. ఒకసారి అందరికీ జవాబిచ్చి, "మిగతా వివరాలు మేమిద్దరం చూసుకుంటాం" అని చెప్పాకే పేరు తీయండి.

అపోహ: పారదర్శకత కోసమే సీసీ.

వాస్తవం: పంపేవాళ్లు అలాగే అంటారు. మేనేజ్‌మెంట్ ప్రొఫెసర్ డేవిడ్ డి క్రీమర్ బృందం అధ్యయనాల్లో (2017) మాత్రం, ప్రతిదానికీ బాస్‌ని సీసీలో పెట్టే సహోద్యోగికి తమ మీద నమ్మకం లేదనే ఎదుటివాళ్లు అనుకున్నారు. కాబట్టి పోటీగా వాళ్ల బాస్‌ని మీరూ చేర్చకండి. బీసీసీ అయితే ఇంకా ప్రమాదం: అలా చూస్తున్నాయన పొరపాటున 'రిప్లై ఆల్' నొక్కితే, ఆయన్ని చాటుగా పెట్టింది మీరేనని అందరికీ తెలిసిపోతుంది.